వెబ్‌క్యామ్ పెడితే క్యాప్చర్ కార్డు నల్లబడుతోందా? ఒకే యూఎస్‌బీ హబ్‌లో రెండూ పోట్లాడుకుంటే ఏం చేయాలి

పెళ్లి లైవ్‌లు ఇచ్చేవాళ్ల సరంజామా నెల్లూరులో చూసినా ఒంగోలులో చూసినా దాదాపు ఒకటే. నాలుగైదేళ్లు వాడిన లాప్‌టాప్, స్టాండు మీద వీడియో కెమెరా, దాని హెచ్‌డీఎంఐ వైరు వచ్చి చేరే అగ్గిపెట్టెంత క్యాప్చర్ కార్డు, మండపాన్ని ఇంకో పక్కనుంచి చూపించడానికి ఒక వెబ్‌క్యామ్. లాప్‌టాప్‌కు ఉన్న సాకెట్లు చాలవు కాబట్టి ఒక హబ్. వాళ్లు చెప్పే కంప్లయింట్ కూడా ఒకటే: కార్డు ఒక్కటే పెడితే బ్రహ్మాండంగా ఉంది, వెబ్‌క్యామ్ ఒక్కటే పెట్టినా బాగుంది, రెండూ కలిపితే ఏదో ఒకటి నల్లగా ఉండిపోతోంది.

దీనికి సాధారణంగా చేసే వైద్యం ఇంకా ఖరీదైన హబ్ కొనడం, డ్రైవర్లు తీసి మళ్లీ వేయడం. రెండిటివల్లా చాలాసార్లు ఫలితం ఉండదు. ఏది ఎక్కడ ఇరుక్కుందో చూసుకుంటే మాత్రం పైసా ఖర్చు లేకుండా తేలిపోయే సందర్భాలే ఎక్కువ.

ముందు ఇది బ్యాండ్‌విడ్త్ గొడవేనా అని తేల్చుకోండి

లైవ్ పంపే ప్రోగ్రామ్ ఓబీఎస్‌ను మూసి మళ్లీ తెరవండి. మొదట కార్డును ఆన్ చేయండి, తర్వాత వెబ్‌క్యామ్‌ను. ఏది నల్లగా ఉందో చూసుకోండి. మళ్లీ అన్నీ మూసి, ఈసారి వెబ్‌క్యామ్ ముందు, కార్డు తర్వాత. రెండుసార్లూ రెండోదిగా తెరిచినదే రాకపోతే, అంటే ముందొచ్చినవాడిదే రాజ్యం అన్నట్టు ఉంటే, అది కచ్చితంగా బ్యాండ్‌విడ్త్, అంటే యూఎస్‌బీ దారిలో డేటాకు ఉండే చోటు, చాలని లక్షణం. అలా కాకుండా ఏ వరసలో తెరిచినా ప్రతిసారీ కార్డే రాకపోతే గొడవ ఇది కాదు. హెచ్‌డీఎంఐ వైరో, కెమెరా అవుట్‌పుట్ సెట్టింగో, వెనకాల తెరిచి ఉన్న ఇంకో ప్రోగ్రామ్ దాన్ని పట్టుకుని కూర్చోవడమో కారణం అయి ఉంటుంది.

కరెంటు చాలకపోవడం వేరే జబ్బు, దాని లక్షణాలు వేరు. అందులో విండోస్ పరికరం పీకినప్పుడు చేసే శబ్దం, పెట్టినప్పుడు చేసే శబ్దం ఒకదాని వెంట ఒకటి వినిపిస్తాయి. Device Manager తెరిచి చూస్తే పరికరం పేరు మాయమై మళ్లీ వస్తుంటుంది. బ్యాండ్‌విడ్త్ గొడవలో ఇవేవీ ఉండవు. పరికరం పేరు నిక్షేపంలా అక్కడే ఉంటుంది, బొమ్మ మాత్రం రాదు. విడిగా అడాప్టర్ పెట్టే హబ్ కరెంటు జబ్బుకు మందు. బ్యాండ్‌విడ్త్ గొడవకు అది పనికిరాదు. షాపులో ‘పవర్డ్ హబ్ తీసుకోండి, అన్నీ సెట్ అయిపోతాయి’ అంటారు. తీసుకునే ముందు మీది ఏ జబ్బో చూసుకోండి.

ఇంకో అనుమానం నెట్ మీదికి వెళ్తుంది. ఓబీఎస్‌లో Docks మెనూ కింద Stats ఉంటుంది. అక్కడ మూడు లెక్కలు కనిపిస్తాయి: బొమ్మ గీయడంలో తప్పిపోయిన ఫ్రేములు, ఎన్‌కోడింగ్‌లో వదిలేసినవి, నెట్ చాలక పోయినవి. యూఎస్‌బీ దగ్గరే ఆగిపోయిన ఫ్రేము ఓబీఎస్ దాకా రానే రాదు, అందుకే ఈ మూడింటిలో ఎక్కడా లెక్కకు రాదు. మూడూ సున్నా దగ్గరే ఉన్నా కెమెరా బొమ్మ ఆగి ఆగి కదులుతోందంటే, సమస్య ఓబీఎస్ కంటే ముందే, వైరు దగ్గరే ఉందన్నమాట.

గొడవ పంపే డేటా గురించి కాదు, ఆపుకున్న చోటు గురించి

ఇక్కడ కాసేపు ఆగాలి. ఇది అర్థమైతే మిగతా పనులన్నీ వాటంతటవే తోస్తాయి.

యూఎస్‌బీ 2.0 వేగం సెకనుకు 480 మెగాబిట్లు. ఆ దారి మీద కాలాన్ని చిన్న ముక్కలుగా కోస్తారు, సెకనుకు 8000 ముక్కలు. ఒక్కో ముక్కలో పట్టేది 7500 బైట్లు. పెన్‌డ్రైవ్ లాంటివి ఖాళీ దొరికినప్పుడు పంపుకుంటాయి, కాస్త ఆలస్యమైనా వాటికి ఫరవాలేదు. వీడియోకు అలా కుదరదు. అందుకే చాలా వెబ్‌క్యామ్‌లు, యూఎస్‌బీ 2.0 క్యాప్చర్ కార్డులు బొమ్మ మొదలుపెట్టే ముందే ‘ప్రతి ముక్కలోనూ నాకింత చోటు కావాలి’ అని అడిగి రిజర్వు చేయించుకుంటాయి. అలా రిజర్వు చేసుకునేవాటన్నిటికీ కలిపి ముక్కలో 80 శాతానికి మించి ఇవ్వకూడదని నియమం. అంటే 6000 బైట్లు. ఒక పరికరం ఒక వీడియో దారికి అడగగలిగిన గరిష్ఠం 3072 బైట్లు.

ఇప్పుడు కూడిక చేయండి.

```
3072 + 3072 = 6144
6144 > 6000
```

ఇద్దరూ గరిష్ఠం అడిగితే 144 బైట్ల తేడాతో రెండోవాడికి చోటు లేదు. ప్యాకెట్ల చుట్టూ ఉండే అదనపు బైట్లు కలిపితే ఆ తేడా ఇంకా పెరుగుతుంది. రెండో పరికరానికి సగం చోటు ఇచ్చి సర్దుకోమనడం ఉండదు, అడిగింది ఇవ్వలేకపోతే మొత్తం తిప్పికొట్టడమే. అందుకే బొమ్మ మసకగా రాదు, అసలు రాదు.

మనవాళ్లను తికమక పెట్టేది దీని తర్వాతి విషయం. బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకున్నట్టే ఈ రిజర్వేషన్ కూడా. మనిషి కూర్చున్నా కూర్చోకపోయినా సీటు మాత్రం పోయినట్టే. MJPEG లాంటి కుదించిన ఫార్మాట్‌లో ఒక్కో ఫ్రేము ఎంత సైజు వస్తుందో ముందే తెలియదు. ఖాళీ గోడ చూపిస్తే చిన్నది, పూల డెకరేషన్, సీరియల్ లైట్లు చూపిస్తే పెద్దది. అందుకని చాలా వెబ్‌క్యామ్‌లు ఎందుకైనా మంచిదని గరిష్ఠమే అడిగేస్తాయి. నిజంగా వెళ్లే డేటా అందులో మూడో వంతు కూడా ఉండకపోవచ్చు. ‘నా వెబ్‌క్యామ్ కుదించే పంపుతోంది కదా, ఇంకా చోటు ఎందుకు చాలట్లేదు’ అనే ప్రశ్నకు సమాధానం ఇదే.

కార్డు నిజంగా ఏ వేగంలో పలుకుతోందో చూడండి

రెండో తికమక నీలం రంగు, 3.0కి గుర్తుగా సాకెట్లలో, ప్లగ్‌లలో పెట్టేది. యూఎస్‌బీ 3.0 హబ్ పైకి ఒక పెట్టెలా కనిపించినా లోపల రెండు హబ్‌లు ఉంటాయి, ఒకటి 2.0 కోసం, ఒకటి 3.0 కోసం. వాటి తీగలు కూడా వేరు. అనుమానం ఉంటే హబ్ పెట్టి Device Manager చూడండి: ఒక్క పెట్టెకే Generic USB Hub అని ఒకటి, Generic SuperSpeed USB Hub అని ఇంకొకటి కనిపిస్తాయి. 2.0 పరికరం ఎంత ఖరీదైన నీలం సాకెట్‌లో పెట్టినా 2.0 దారిలోనే వెళ్తుంది. పక్కన 5 గిగాబిట్ల దారి ఖాళీగా ఉన్నా దానికి అందదు.

దీని నుంచి ఉపయోగపడే సంగతి ఒకటి తేలుతుంది. వెబ్‌క్యామ్ 2.0దై, కార్డు నిజమైన 3.0దై, హబ్, సాకెట్ కూడా 3.0వే అయితే ఆ రెండూ ఒకే హబ్‌లో ఉన్నా బ్యాండ్‌విడ్త్ కోసం కొట్టుకోవు. ఎవరి దారి వారిది. అప్పుడు కూడా కొట్టుకుంటున్నాయంటే, మీ కార్డు 3.0లో లేదు.

ఎందుకు ఉండదంటే, మూడు కారణాలు. ఒకటి, వెయ్యి రూపాయల లోపు దొరికే చిన్న కార్డుల్లో చాలావాటి లోపల ఉండేది యూఎస్‌బీ 2.0 చిప్పే. ప్లగ్‌లో నీలం ప్లాస్టిక్ పెట్టి, పెట్టె మీద పెద్దక్షరాలతో 4కె అని రాసి అమ్ముతారు. ఆ 4కె అనేది లోపలికి తీసుకునే సిగ్నల్ సంగతి, లాప్‌టాప్‌కు వెళ్లేది 1080 లైన్ల MJPEG. Device Manager‌లో దాని Properties తెరిచి, Details కింద Hardware Ids చూడండి. అక్కడ ఇలా ఉంటే అది 2.0 చిప్పు, అనుమానం అక్కర్లేదు:

```
USB\VID_534D&PID_2109
```

రెండో కారణం వైరు. 3.0 కార్డును 2.0 ఎక్స్‌టెన్షన్ వైరుతో కలిపితే అది 2.0కి దిగిపోతుంది. మూడోది కొంచెం చిత్రమైనది. ప్లగ్ లోపలికి తొంగిచూస్తే 2.0 కోసం నాలుగు పెద్ద పట్టీలు, 3.0 కోసం ఇంకాస్త లోతుగా ఐదు చిన్న పట్టీలు కనిపిస్తాయి. మరీ మెల్లగా తోస్తే నాలుగు పట్టీలు ముందు తగిలి, లాప్‌టాప్ దాన్ని 2.0 అనుకుని పని మొదలుపెట్టేస్తుంది. పీకి, ఒక్క ఊపులో చివరిదాకా తోయండి. ఇంత చిన్న విషయంతో బాగైన కార్డులు ఉన్నాయి.

చూసి తేల్చుకోవడానికి USB Device Tree Viewer అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్ ఉంది, ఇన్‌స్టాల్ అక్కర్లేదు, UsbTreeView.exe నొక్కితే తెరుచుకుంటుంది. ఎడమవైపు కార్డును ఎంచుకుంటే కుడివైపు వివరాల్లో వేగం ఉంటుంది. High-Speed అని ఉంటే 2.0, SuperSpeed అని ఉంటే 3.0. పేర్లు వినడానికి రెండూ గొప్పగానే ఉంటాయి, ఏది తక్కువో గుర్తుపెట్టుకోండి.

ఎవరు ఎవరితో పంచుకుంటున్నారో చెట్టులో చూడండి

Device Manager‌లో View మెనూకు వెళ్లి Devices by connection ఎంచుకోండి. పరికరాలు ఇప్పుడు కొమ్మలు కొమ్మలుగా కనిపిస్తాయి. మీకు కావలసింది పేరులో Host Controller అని ఉన్న కొమ్మ, దాని కింద USB Root Hub, దాని కింద మీ హబ్‌లు, కెమెరాలు. వెబ్‌క్యామ్, కార్డు రెండూ ఒకే Generic USB Hub కింద వేలాడుతుంటే అవి ఒకే 6000 బైట్లను పంచుకుంటున్నట్టు.

బయట హబ్ లేకపోయినా ఇలా జరగొచ్చు. లాప్‌టాప్ ఒక పక్కన ఉన్న రెండు సాకెట్లు లోపల ఒకే చిన్న హబ్‌కు కలిపి ఉండటం మామూలే. స్క్రీన్ మీద ఉండే సొంత కెమెరా కూడా లోపల యూఎస్‌బీ పరికరమే, అది నడుస్తున్నప్పుడు అదీ వాటా అడుగుతుంది. పాత లాప్‌టాప్‌లలో Enhanced Host Controller అని రెండు కొమ్మలు కనిపిస్తే అదృష్టమే, ఒక్కోదానికి విడి కోటా ఉంటుంది. కార్డును ఒకదాని కిందికి, వెబ్‌క్యామ్‌ను రెండోదాని కిందికి వచ్చేలా సాకెట్లు మార్చి చూడండి. కొత్తవాటిలో eXtensible Host Controller ఒక్కటే కనిపించినా, ఒక్కో సాకెట్‌కు విడిగా కోటా ఇచ్చేవి ఉన్నాయి, అన్నిటికీ కలిపి ఒక్కటే ఇచ్చేవీ ఉన్నాయి. పెట్టె మీద ఇది రాసి ఉండదు. సాకెట్లు మార్చి పరీక్షించడమే.

కావలి కుర్రాడి కిట్ లెక్క

కావలిలో పెళ్లిళ్లకు లైవ్ ఇచ్చే ఒక కుర్రాడి సంగతి తీసుకుందాం. లాప్‌టాప్‌కు పనిచేసే సాకెట్లు రెండే. ఒకదాంట్లో నెట్ డాంగిల్. రెండోదాంట్లో హబ్, ఆ హబ్‌లో కార్డు, వెబ్‌క్యామ్, మౌస్.

“అన్నా, హబ్బు మార్చినా అదే కథ. పదిహేను వందలు పోశా. నీలం హబ్బే, ఐదు జీబీ అని రాసుంది.”

“హబ్బు సంగతి సరే, కార్డు ఏమంటోందో చూడు.”

“కార్డు కూడా నీలమే కదన్నా.”

UsbTreeView తెరిస్తే ఆ నీలం కార్డు High-Speed అంటోంది. వెబ్‌క్యామ్ కూడా అంతే. రెండిటినీ ఒక్కొక్కటిగా ఓబీఎస్‌లో నడిపిస్తూ, ప్రోగ్రామ్‌ను F5తో రిఫ్రెష్ చేసి, తెరిచి ఉన్న పైపుల్లో, అంటే డేటా దారుల్లో, వీడియోది చూశాం. మీరూ ఇలాగే చూడొచ్చు. wMaxPacketSize అనే వరసలో ఉండే అంకె పరికరం ఎంత ఆపుకుందో చెబుతుంది.

```
0x1400 = 3 x 1024 = 3072
0x0C00 = 2 x 1024 = 2048
0x0400 = 1 x 1024 = 1024
```

కార్డు నడుస్తుంటే 0x1400. దాన్ని ఆపి వెబ్‌క్యామ్‌ను 1280×720 MJPEG‌లో నడిపితే అదీ 0x1400. పైన చేసిన కూడికే మళ్లీ ఎదురైంది. పదిహేను వందల హబ్ ఇందులో చేయగలిగింది ఏమీ లేదు, ఎందుకంటే రెండూ దాని 2.0 సగంలోనే ఉన్నాయి.

ఇక్కడ మార్చాల్సింది హబ్‌ను కాదు, హబ్‌లో ఎవరు కూర్చోవాలనేదాన్ని. నెట్ డాంగిల్, మౌస్ రిజర్వేషన్ పెద్దగా అడిగేవి కావు. లైవ్‌కు పైకి వెళ్లేది సెకనుకు నాలుగైదు మెగాబిట్లు, కార్డు 3072 ఆపుకున్నా అంత డేటాకు చోటు మిగులుతుంది. కాబట్టి డాంగిల్ హబ్‌లోకి వచ్చింది, వెబ్‌క్యామ్ డాంగిల్ ఖాళీ చేసిన సాకెట్‌లోకి వెళ్లింది. ఆ లాప్‌టాప్‌లో రెండు సాకెట్లకూ విడి కోటా ఉంది. రెండు బొమ్మలూ వచ్చాయి.

చాలామంది దీనికి తలకిందులుగా చేస్తారు. నెట్ ముఖ్యం అని డాంగిల్‌ను నేరుగా లాప్‌టాప్‌కు పెట్టి, కెమెరాలను రెండిటినీ హబ్‌కు తగిలిస్తారు. ఆలోచన తప్పు కాదు, కానీ యూఎస్‌బీ దగ్గర చోటు తినేది కెమెరాలే. నేరు సాకెట్లు వాటికి ఇవ్వండి.

విడదీయడం కుదరకపోతే వెబ్‌క్యామ్ కోత

అదే కుర్రాడు ఇంకో పెళ్లికి అద్దె లాప్‌టాప్ తెచ్చాడు. అందులో సాకెట్లు మార్చి మార్చి పెట్టినా ఒకటే కోటా. అప్పుడు మిగిలిన దారి, ఇద్దరిలో ఒకరి రిజర్వేషన్ తగ్గించడం. కార్డు మీద వచ్చేది ముఖ్యమైన బొమ్మ, జీలకర్ర బెల్లం, తాళి అన్నీ దాంట్లోనే, దాన్ని కదపకూడదు. వెబ్‌క్యామ్ స్క్రీన్ మూల చిన్న పెట్టెలో కనిపించేదే కదా, కోత దానికే.

ఇక్కడ చాలామంది MJPEG పెట్టి రిజల్యూషన్ తగ్గిస్తారు. కొన్ని వెబ్‌క్యామ్‌లకు అది పనిచేస్తుంది, కొన్ని మాత్రం రిజల్యూషన్ ఎంత తగ్గించినా 0x1400 దగ్గరే కూర్చుంటాయి. అలాంటప్పుడు వినడానికి వింతగా ఉన్నా, కుదించని YUY2 పెట్టి చిన్న సైజు అడగడం మంచిది. కుదించని ఫ్రేము సైజు ముందే తెలిసిపోతుంది కాబట్టి కెమెరా కూడా ఎంత కావాలో అంతే అడిగే అవకాశం ఎక్కువ. YUY2లో ఒక్కో పిక్సెల్‌కు 2 బైట్లు. లెక్క ఇలా చేసుకోండి: వెడల్పు, ఎత్తు, 2, సెకనుకు ఫ్రేములు, నాలుగూ గుణించి 8000తో భాగించండి.

```
1280 x 720 x 2 x 30 / 8000 = 6912
 640 x 480 x 2 x 30 / 8000 = 2304
 640 x 360 x 2 x 30 / 8000 = 1728
```

మొదటి వరస చూస్తే, 720 లైన్లు కుదించకుండా 30 ఫ్రేములు పంపడం యూఎస్‌బీ 2.0 వెబ్‌క్యామ్‌కు ఒంటరిగా ఉన్నా సాధ్యం కాదు, 3072 దాటిపోయింది. అందుకే చాలా వెబ్‌క్యామ్‌లలో YUY2 ఎంచుకుని 720 పెడితే 10 ఫ్రేములు మాత్రమే దొరుకుతాయి. రెండో వరస కార్డు 3072తో కలిపితే 5376, పట్టాలి కానీ కెమెరా తన దగ్గరున్న మెట్లలో పై మెట్టుకు సర్దుకుంటుంది కాబట్టి అంచుమీద ఉన్నట్టే. మూడోది కలిపితే 4800. కెమెరా 2048 మెట్టుకు ఎక్కినా మొత్తం 5120, ఇంకా ఊపిరి ఆడుతుంది. పైగా 640×360 పెళ్లి లైవ్ ఆకారానికి సరిపోతుంది, 1280×720 స్క్రీన్‌లో సగం వెడల్పు. మూల పెట్టెకు అంతకంటే అక్కర్లేదు. వెబ్‌క్యామ్ బొమ్మను నిండు స్క్రీన్‌లో చూపించాలనుకుంటే మాత్రం ఈ కోత కంటికి తెలిసిపోతుంది, అప్పుడు ఇది దారి కాదు.

ఓబీఎస్‌లో ఇది పెట్టేది వెబ్‌క్యామ్ సోర్స్ Properties‌లో. Resolution/FPS Type అన్నచోట Custom పెట్టాలి, లేకపోతే ఓబీఎస్ తనకు తోచింది ఎంచుకుంటుంది. Resolution దగ్గర 640x360, FPS దగ్గర 30, Video Format దగ్గర YUY2. Video Format‌ను Any అని వదిలేయకండి, మళ్లీ MJPEG‌కి వెళ్లిపోయే ప్రమాదం ఉంది. తర్వాత UsbTreeView‌లో wMaxPacketSize మారిందో లేదో చూడండి. మారకపోతే ఆ వెబ్‌క్యామ్ మాట వినే రకం కాదు. FPS‌ను 15కి దించి ఒకసారి చూసి, అప్పటికీ వినకపోతే దాన్ని వదిలేయండి.

లైవ్ మధ్యలో ఎదురయ్యేవి

సీన్లు మార్చినప్పుడు మాత్రమే గొడవ వస్తుంటే కారణం ఇంకోటి. ఓబీఎస్‌లో కనిపించని సోర్స్ కూడా మామూలుగా నడుస్తూనే ఉంటుంది, రిజర్వేషన్ వదలదు. వెబ్‌క్యామ్, కార్డు ఒకే సమయంలో కనిపించాల్సిన పనిలేని ప్రోగ్రామ్ అయితే సోర్స్ Properties‌లో Deactivate when not showing టిక్ చేయండి. కనిపించనప్పుడు ఆ పరికరం చోటు ఖాళీ చేస్తుంది. దీనికి మూల్యం, సీన్ మార్చిన ప్రతిసారీ బొమ్మ రావడానికి కొంచెం ఆలస్యం. ముహూర్తం సమయంలో ఆ నల్ల స్క్రీన్ చూసి అమెరికాలో ఉన్న మేనమామ ఫోన్ చేస్తాడు, టెన్షన్ మీకు. నా ఉద్దేశంలో ఇది ఆఖరి ఉపాయంగానే ఉంచుకోవాలి.

ఒకే వెబ్‌క్యామ్‌ను రెండు సీన్లలో వాడాలంటే కొత్త సోర్స్‌గా చేర్చకండి, Add Existing తో ఉన్నదాన్నే తెచ్చుకోండి. రెండు విడి సోర్స్‌లు చేసి వేరే వేరే రిజల్యూషన్లు పెడితే ఏది ముందు తెరుచుకుంటే దానిదే చెల్లుతుంది. మీరు జాగ్రత్తగా పెట్టుకున్న 640×360 పనికిరాకుండా పోతుంది.

మండపంలో పరీక్ష చేసేటప్పుడు సెట్టింగులు సరిగా ఉన్నాయనుకుని కార్డు ఒక్కదాన్నే చూసి ఊరుకోవద్దు. అన్నీ పెట్టి, లాప్‌టాప్ రీస్టార్ట్ చేసి, ఓబీఎస్ తెరిచి రెండు బొమ్మలూ వస్తున్నాయా చూడండి. రీస్టార్ట్ అయ్యాక పరికరాలు తెరుచుకునే వరస మారొచ్చు. కోటా నిజంగా సరిపోతే ఏ వరసలో తెరిచినా రెండూ వస్తాయి. ఒక వరసలోనే వస్తుంటే ఇంకా అంచుమీదే ఉన్నారని అర్థం. కుదిరిన అమరిక దొరికాక సాకెట్ల పక్కన టేపు ముక్క అంటించి ‘కార్డు’, ‘వెబ్‌క్యామ్’ అని రాసుకోండి, మీతో వచ్చే అసిస్టెంట్ రాత్రి రెండు గంటలకు నిద్రమత్తులో కూడా సరిగా పెడతాడు.

కొనక తప్పకపోతే

డబ్బు పెట్టాల్సి వస్తే హబ్ మీద పెట్టకండి, కార్డు మీద పెట్టండి. నిజమైన 3.0 కార్డు కొంటే వెబ్‌క్యామ్ 2.0 దారిలో ఒంటరిగా మిగులుతుంది, గొడవే ఉండదు. కొనేముందు నెల్లూరు ట్రంకు రోడ్డు షాపులో అయినా సరే, వాళ్ల లాప్‌టాప్‌లో పెట్టించి UsbTreeView‌లో SuperSpeed అని వస్తోందా చూసి తీసుకోండి. ఆ ప్రోగ్రామ్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్తే నిమిషం పని. ఇంకో గుర్తు కూడా ఉంది: ఓబీఎస్‌లో ఆ కార్డుకు 1920×1080 దగ్గర YUY2 లేదా NV12 పెట్టి 60 ఫ్రేములు దొరికితే అది 3.0. యూఎస్‌బీ 2.0లో అంత కుదించని వీడియో పట్టే ప్రసక్తే లేదు.

అయితే 3.0 దారి కూడా అంతులేనిది కాదు. 1080 లైన్లు, 60 ఫ్రేములు, YUY2 అంటే సెకనుకు దాదాపు 249 మెగాబైట్లు. 5 గిగాబిట్ల దారిలో యూఎస్‌బీ సొంత ఎన్‌కోడింగ్‌కు పోగా కాగితం మీద మిగిలేదే 500 మెగాబైట్లు, చేతికి వచ్చేది అంతకంటే తక్కువ. కాబట్టి రెండు కెమెరాలకు రెండు 3.0 కార్డులు కొని ఒకే హబ్‌లో పెడితే ఇదే గొడవ పెద్ద అంకెలతో మళ్లీ మొదలవుతుంది. లైవ్ ఎలాగూ 30 ఫ్రేముల్లోనే వెళ్తుంది కనుక రెండు కార్డులనూ 30కి దించితే ఒక్కోటి 124 మెగాబైట్లకు వస్తుంది, రెండూ పడతాయి.